బెండకాయ వేపుడులో నీటి లెక్క

వేసవిలో ఎండబెట్టిన బెండకాయ వరుగును వేళ్ళతో విరిచి చూడండి. పుటుక్కున విరుగుతుంది. చేతికి బంక అంటదు, తీగ సాగదు. అదే వరుగును గ్లాసెడు నీళ్ళలో వేసి ఒక గంట ఆగి చూస్తే నీళ్ళు చిక్కబడి ఉంటాయి. చెంచాతో ఎత్తితే సన్నగా తీగ కూడా సాగుతుంది. ఎండకు జిగురు చచ్చిపోయి ఉంటే నీళ్ళలో మళ్ళీ పుట్టేది కాదు. అది మొదటినుంచీ ముక్కలోనే ఉంది. ఎండకు పోయింది నీరు మాత్రమే.

బెండకాయ వేపుడు గురించి తెలుసుకోవలసిన సంగతి దాదాపు అంతా ఈ వరుగులోనే ఉంది. వేపుడు చేసేవాళ్ళు సాధారణంగా జిగురును పోగొట్టాలని చూస్తారు. నిజానికి జిగురును ముక్కలోంచి తీసేసే దారి వంటింట్లో లేదు, తీసేయవలసిన అవసరమూ లేదు. దానికి అందే నీటిని తీసేస్తే చాలు. నీరు పోయాక మిగిలిన జిగురు ముక్క అంచున పలుచని పెళుసు పొరగా ఎండిపోతుంది. పంటి కింద కరకరలాడేది ఆ పొరా, దానితోపాటు ఎండిన కణాల గోడలూ. కాయ కడగడం, తరగడం, మంట పెట్టడం, ఉప్పు వేయడం అనే నాలుగు పనుల్లో నీరు ఎక్కడ ఉంది, ఎటు పోతోంది అని చూసుకుంటే వేపుడు ఎందుకు కుదిరిందో, ఎందుకు ముద్దయిందో తెలిసిపోతుంది.

జిగురు ఎక్కడిది

బెండ, గోంగూర, మందార, పత్తి అన్నీ ఒకే కుటుంబం. శాస్త్రజ్ఞులు దాన్ని మాల్వేసీ అంటారు. మందారాకు నలిపి తలకు రుద్దుకునేవాళ్ళకు ఈ కుటుంబపు జిగురు బాగా తెలుసు. బెండకాయ గోడలోనూ గింజల చుట్టూ ఉండే మెత్తటి భాగంలోనూ ఈ జిగురు దాగి ఉంటుంది. కత్తి పడిన చోటల్లా కణాలు తెగి అది బయటికి వస్తుంది.

రసాయనికంగా చూస్తే ఇది చక్కెర అణువులు వేల సంఖ్యలో గొలుసుకట్టి ఏర్పడిన పదార్థం. రామ్నోజ్, గాలక్టోజ్ అనే చక్కెరలూ గాలక్ట్యురోనిక్ ఆమ్లమూ ఇందులో ప్రధానంగా ఉంటాయి. జామ్‌ను గడ్డకట్టించే పెక్టిన్‌కు ఇది దగ్గరి చుట్టం. ఆ ఆమ్ల భాగాల వల్ల గొలుసు పొడవునా రుణావేశం ఉంటుంది. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి గొలుసు ముడుచుకోకుండా నీళ్ళలో బారుగా చాచుకుని ఉంటుంది. ఇలా చాచుకున్న గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుపడిన దారాల్లా ఉంటాయి. గరిటతో లాగితే ఒక దారం పక్కదాన్ని పట్టుకుని వస్తుంది. మనం తీగ సాగడం అంటున్నది దీన్నే. చెరకు రసం కాచి బెల్లం చేసేటప్పుడు బెండ మొక్క జిగురు కలిపి మడ్డి తీసే పద్ధతి మన దేశంలో ఉంది. అక్కడ ఈ గొలుసులు రసంలో తేలే నలకలను పట్టుకుని పైకి తెట్టుగా తెస్తాయి. వేపుట్లో ఇబ్బంది పెట్టే గుణమే అక్కడ పనికొస్తుంది.

ఈ గొలుసులను లొంగదీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి పులుపు. చింతపండు పులుసులో ఉండే ఆమ్లం గొలుసు మీది ఆవేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడు గొలుసు ముడుచుకుపోతుంది, తీగ సాగడం తగ్గుతుంది. బెండకాయ పులుసులో ముక్కలు అంత నీళ్ళలో ఉడికినా పులుసు మరీ బంకగా మారకపోవడానికి ఇది ఒక కారణం. చాలాసేపు ఉడకడం వల్ల గొలుసులు కొంత తెగడం ఇంకొకటి. రెండో దారి నీరు లేకుండా చేయడం. నీరు లేకపోతే గొలుసు చాచుకోవడానికి చోటే ఉండదు. వేపుడు ఈ రెండో దారిన నడిచే వంట. అందుకే వేపుట్లో ముందుగా పెరుగు గానీ చింతపండు రసం గానీ వేయమనే సలహా నాకు సరైనదిగా తోచదు. పులుపు జిగురును కొంత తగ్గించే మాట నిజమే కానీ, దానితోపాటు రెండు మూడు చెంచాల నీరు కూడా మూకుట్లో పడుతుంది. పుల్లదనం కావాలంటే దించాక నిమ్మరసం పిండుకోవచ్చు.

అరకిలో కాయలో ఎంత నీరు

అరకిలో లేత బెండకాయలు తీసుకుందాం. తొడిమలూ కొసలూ తీసేస్తే సుమారు 450 గ్రాముల ముక్కలు వస్తాయి. బెండకాయలో నూటికి 90 పాళ్ళు నీరు. అంటే ఈ ముక్కల్లో 405 గ్రాములు నీరే. పీచు, జిగురు, మాంసకృత్తులు, చక్కెర అన్నీ కలిపి ఎండు పదార్థం 45 గ్రాములు.

ఇప్పుడు వీటిలోంచి 300 గ్రాముల నీటిని ఆవిరి చేశామనుకోండి. మూకుట్లో 150 గ్రాములు మిగులుతాయి, నూనె బరువు వేరు. కుప్ప మూడో వంతుకు తగ్గింది, చూడటానికి బాగా వేగినట్టే ఉంటుంది. అయినా అందులో ఇంకా 105 గ్రాముల నీరుంది. అంటే నూటికి 70 పాళ్ళు. ఇళ్ళలో కొద్ది నూనెతో చేసే వేపుడు అంచుల్లో మాత్రమే కరకరలాడి, మధ్యలో మెత్తగా ఉండటానికి కారణం ఇదే. అది లోపం కాదు, ఆ పద్ధతికి ఉన్న హద్దు. ముక్క మొత్తం అప్పడంలా పెళపెళలాడాలంటే పెళ్ళి వంటల్లోలాగా కాగిన నూనెలో వేయించి దాదాపు నీరంతా తీసేయాలి.

300 గ్రాముల నీరు పోవడానికి ఎంత వేడి కావాలి? నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడం తేలిక, మరిగే నీటిని ఆవిరి చేయడమే కష్టం. ఒక గ్రాము నీటిని మరిగే దాకా తేవడానికి పట్టే వేడికంటే, ఆ మరిగే గ్రామును ఆవిరిగా మార్చడానికి ఏడు రెట్లకు పైగా వేడి పడుతుంది. లెక్క వేస్తే మన ముక్కలన్నీ మరిగే వేడికి రావడానికి సుమారు 125 కిలోజౌళ్ళు, 300 గ్రాములు ఆవిరవడానికి మరో 675 కిలోజౌళ్ళు. మొత్తం 800. గ్యాసు పొయ్యి మధ్యస్థపు మంట మీద మూకుడుకు ఒక కిలోవాట్ వేడి అందుతోందనుకుంటే ఈ పనికి 13 నిమిషాలకు పైగా పడుతుంది. మూకుడు నుంచి గాలిలోకి పోయే వేడిని కూడా కలుపుకుంటే 15 నుంచి 20 నిమిషాలు. బెండకాయ వేపుడుకు వంటింట్లో మామూలుగా పట్టే సమయం కూడా ఇంతే. దీన్ని ఎనిమిది నిమిషాల్లో ముగించాలని మంట పెంచితే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

తరగక ముందు

కాయలను తరగక ముందే కడగాలని అందరికీ తెలుసు. తరిగాక కడిగితే తెగిన కణాల్లోని జిగురుకు మనమే నీళ్ళు పోసినట్టు. కానీ కడిగిన వెంటనే తరగడం కూడా అంతే చెరుపు. బెండకాయ ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది, గట్ల మధ్య పల్లాలు ఉంటాయి. ఆ రెండు చోట్లా నీరు పట్టుకుని నిలుస్తుంది. జాడించి పళ్ళెంలో పెట్టినంత మాత్రాన అది పోదు. ఒక్కో కాయనూ పొడి నూలుగుడ్డతో తుడిచి, గుడ్డ మీదే పరిచి, తాకితే తడి తెలియనంత వరకు ఆరనివ్వాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన కాయలకు ఇంకో చిక్కుంది. చల్లటి కాయ మీద గదిలోని గాలి తేమ చెమర్చి నీటి బిందువులుగా పేరుకుంటుంది. తుడిచిన కాయ పది నిమిషాల్లో మళ్ళీ తడిసిపోతుంది. కాబట్టి కాయలను గంట ముందే బయట పెట్టి, అవి గది వేడికి వచ్చాక తుడవాలి. 

ఈ పైతడి బరువులో పెద్దదేమీ కాదు. రెండు పెద్ద చెంచాలు, అంటే 30 గ్రాములు మిగిలినా, దాన్ని ఆవిరి చేయడానికి అదనంగా పట్టేది ఒక నిమిషం పైచిలుకు. చిక్కు దాని బరువుతో కాదు, అది చేరే చోటుతో. కత్తి దిగినప్పుడు ఆ తడి నేరుగా తెగిన ముఖం మీదికి, అప్పుడే బయటపడిన జిగురు మీదికి చేరుతుంది. మూకుడు ఎక్కక ముందే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. ఉండ లోపల ఉన్న ముక్కకు నూనె అందదు, దాని ఆవిరి బయటికి పోదు. కత్తి మీద పేరుకునే జిగురును కూడా మధ్యమధ్యలో పొడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి, నీళ్ళతో కడగకూడదు.

ముక్క ఎంత ఉండాలి? మరీ సన్నగా చక్రాల్లా తరిగితే ఒక్కో కాయకు తెగిన ముఖాలు ఎక్కువవుతాయి, బయటపడే జిగురూ ఎక్కువవుతుంది, గింజలు రాలిపోతాయి. మరీ పొడవుగా కోస్తే లోపలి నీరు బయటికి రావడానికి ఆలస్యమవుతుంది. కొద్ది నూనెతో చేసే వేపుడుకు అరంగుళం ముక్క సరిగ్గా సరిపోతుంది. తరిగిన ముక్కలను వెడల్పాటి పళ్ళెంలో గానీ చాటలో గానీ ఒక్క వరసగా పరిచి అరగంట ఫ్యాను గాలికి ఉంచితే తెగిన ముఖం మీది జిగురు మూకుడు ఎక్కకముందే ఎండి పొర కడుతుంది. వేలితో తాకితే బంకగా కాక కాస్త గరుగ్గా తగులుతుంది. ఈ అరగంట లేకపోయినా వేపుడు అవుతుంది, ఉంటే పొయ్యి దగ్గర పని సగం తేలికవుతుంది. ముదురు కాయలు ఈ పనికి పనికిరావు. కొస విరిస్తే టక్కున విరగని కాయలో పీచు ముదిరి ఉంటుంది. అది వేగినా నార నారగానే మిగులుతుంది.

మూకుడు వేడి, పొయ్యి మంట

మూకుడును బాగా కాల్చి ముక్కలు వేస్తే చాలు, ఆ వేడికి జిగురు మూసుకుపోతుంది అనే మాట తరచు వినిపిస్తుంది. ఇది ఎంతవరకు నిజమో లెక్క చూద్దాం. కిలోన్నర బరువున్న ఇనుప మూకుడును 200 డిగ్రీల దాకా కాల్చామనుకోండి. అది 100 డిగ్రీలకు చల్లబడే లోపు ముక్కలకు ఇవ్వగలిగిన వేడి 70 కిలోజౌళ్ళ లోపే. మన ముక్కలు మరిగే వేడికి రావడానికే 125 కావాలని ఇందాక చూశాం. అంటే మూకుట్లో దాచుకున్న వేడి ముక్కలను మరిగే దాకా కూడా తేలేదు. అది మొదటి నిమిషంలోనే అయిపోతుంది. ఆ తర్వాత నడిపేదంతా పొయ్యి మంటే.

అలాగని మూకుడు వేడెక్కక ముందే ముక్కలు వేయకూడదు. చల్లటి నూనెలో పడిన ముక్క నెమ్మదిగా వేడెక్కుతూ, లోపలి నీరు ఆవిరి కాకుండా కారుతూ, తన జిగురులోనే ఉడుకుతుంది. నూనె కాగాక ఒక ముక్క వేసి చూడండి. దాని చుట్టూ వెంటనే బుడగలు లేచి చిటపటలాడితే అదే అదను. మూకుడు బరువుగా ఉంటే మొదటి నిమిషంలో వేడి మరీ పడిపోదు, దాని మేలు అంతవరకే.

మూకుడు బరువు కంటే వెడల్పు ముఖ్యం. 450 గ్రాముల అరంగుళం ముక్కలు ఒక్క వరసగా పరుచుకోవాలంటే ఇంచుమించు 30 సెంటీమీటర్ల వెడల్పుండే అడుగు కావాలి. అడుగు 24 సెంటీమీటర్లే ఉన్న పాత్రలో ఆ ముక్కలన్నీ పోస్తే రెండు వరసలవుతాయి. కింది వరసలో పుట్టిన ఆవిరి పై వరసకు తగిలి అక్కడే నీరై మళ్ళీ కిందికి జారుతుంది. పై ముక్కలు వేగవు, ఆవిరి మీద ఉడుకుతాయి. ఇంత పాత్రే ఉంటే రెండు విడతలుగా వేయించండి. ఒకే విడతగా వేసి అరగంట తంటాలు పడటం కంటే అదే త్వరగా అవుతుంది. మూత పెట్టడమూ ఇలాంటిదే. మూతకు తగిలిన ఆవిరంతా చుక్కలై తిరిగి ముక్కల మీదే పడుతుంది.

నూనె మీద కూడా ఒక మాట. గుండ్రటి ముక్క చదునైన లోహాన్ని ఒకటి రెండు చోట్లే తాకుతుంది. మిగతా సందును నింపి వేడిని చేరవేసేది నూనె. అది మరీ తక్కువైతే తాకిన చోట మాడుతుంది, తాకని చోట పచ్చిగా ఉంటుంది. మన అరకిలో కాయలకు మూడు పెద్ద చెంచాల వేరుశనగ నూనె న్యాయం.

ముక్కలు పడ్డాక వేపుడు మూడు దశల్లో నడుస్తుంది. మొదటి ఐదారు నిమిషాలు ఆవిరి ధారాళంగా లేస్తుంది, చప్పుడు గట్టిగా వస్తుంది. అప్పుడు మంట మధ్యస్థం కంటే కాస్త ఎక్కువే ఉండాలి, ఎందుకంటే వచ్చిన నీటిని వచ్చినట్టే పంపేయాలి. రెండు నిమిషాలకొకసారి అట్లకాడతో అడుగు నుంచి తిరగేస్తే చాలు. గరిటతో ఊరికే కలియబెడితే ముక్కల అంచులు చిదిగి కొత్త కణాలు తెగి ఇంకా జిగురు వస్తుంది.

ఆ తర్వాత తీగలు బాగా కనిపించే దశ. ముక్క లోపలి నీరు మరిగి జిగురును తోసుకుంటూ పైకి వస్తుంది. అట్లకాడ ఎత్తితే ముక్క నుంచి ముక్కకు తెల్లటి పోగులు సాగుతాయి. చాలామంది ఇక్కడే కంగారుపడి ఉప్పో, నిమ్మరసమో, మూతో వేసేస్తారు. అవేమీ అక్కర్లేదు. వేపుడు సరిగ్గా నడుస్తున్నదనడానికి ఆ పోగులే గుర్తు. మంటను మధ్యస్థంగా ఉంచి ఓపిక పడితే మరో నాలుగైదు నిమిషాల్లో పోగులు పొట్టివై, తెగి, మాయమవుతాయి.

మూడో దశలో చప్పుడు సన్నగిల్లుతుంది. ముక్కల అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఈ రంగు ఒక కొలబద్ద. ముక్క ఉపరితలం మీద నీరున్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అందే వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. గోధుమ రంగూ వేపుడు వాసనా రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. కాబట్టి అంచు ఎర్రబడిందంటే అక్కడ నీరు అయిపోయిందని అర్థం. నీరు లేని ముక్క వేడి ఇకనుంచి చాలా త్వరగా పెరుగుతుంది. మంట అలాగే ఉంచితే ఎరుపు నలుపుగా మారడానికి నిమిషం చాలు. ఇక్కడ మంట తగ్గించాలి.

మొదటినుంచీ పెద్ద మంట పెడితే ఏమవుతుందో ఇప్పుడు చెప్పవచ్చు. లోపలి నీరు బయటికి వచ్చే వేగానికి ఒక హద్దుంది. మంట పెంచినా ముక్క మధ్యనుంచి నీరు అంత వేగంగా రాదు. ఉపరితలం ముందే ఎండి ఎర్రబడి ఘుమఘుమలాడుతుంది, లోపల మాత్రం నీరు నిండుగా ఉంటుంది. దించి పది నిమిషాలు ఆగితే ఆ లోపలి నీరు మెల్లగా బయటి పొరలోకి పాకుతుంది. పెళుసుగా ఉన్న పొర తేమ పీల్చి మెత్తని తోలులా మారుతుంది. దించేటప్పుడు కరకరలాడిన వేపుడు విస్తట్లోకి వచ్చేసరికి మెత్తబడిందంటే కారణం చాలాసార్లు ఈ తొందరే. సన్నని మంట మీద మూత పెట్టి మగ్గించినప్పుడు జరిగేది దీనికి విరుద్ధం. కణాల మధ్య అతుకు వదిలిపోయి, ముక్క చిదికి, గింజలు బయటపడి అంతా ముద్దగా అవుతుంది. ఆ ముద్దను తర్వాత ఎంతసేపు వేయించినా ముక్కలుగా విడదు.

ఉప్పు ఎప్పుడు

పచ్చి బెండకాయ ముక్కల మీద చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు ఆగి చూడండి. పళ్ళెం అడుగు చెమర్చి ఉంటుంది, ముక్కలు మెరుస్తూ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. తెగిన ముఖం మీది తడిలో ఉప్పు కరిగి చిక్కటి ఉప్పునీరు అవుతుంది. కణం లోపలి రసం దానికంటే పలుచన. పలుచని చోటి నుంచి చిక్కని చోటికి కణపు పొర గుండా నీరు ప్రయాణిస్తుంది, దీన్నే ద్రవాభిసరణ అంటాం. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఊట తీసేటప్పుడు మనకు కావలసింది ఇదే. వేపుట్లో మనకు అక్కర్లేనిదీ ఇదే. నీరు ముక్క లోపలినుంచి నేరుగా ఆవిరిగా పోవలసింది పోయి, ముందుగా ద్రవంగా ఉపరితలం మీదికి వచ్చి, అక్కడున్న జిగురును తడిపి, ముక్కలన్నిటినీ ఒకే పూతలో కలిపేస్తుంది.

ఇక్కడ రసాయనశాస్త్రం తెలిసినవాళ్ళకు ఒక సందేహం రావాలి. ఉప్పులోని సోడియం అయాన్లకు ధనావేశం ఉంటుంది. అవి జిగురు గొలుసుల రుణావేశాన్ని కప్పేస్తాయి. అప్పుడు గొలుసులు ముడుచుకుని తీగ సాగడం తగ్గాలి కదా? తగ్గుతుంది. ఉప్పు వేసిన బెండ జిగురు ఉప్పు లేని జిగురు కంటే పలుచబడుతుంది, అది నిజం. కానీ పలుచబడ్డ జిగురు మూకుడు అడుగున ఇంకా సులభంగా పరుచుకుంటుంది, దానితో వచ్చిన నీరు మాత్రం అలాగే ఉంటుంది. నీళ్ళలోనే వండే పులుసులో ఈ గుణం మేలు. నీటిని తరిమే పనిలో ఉన్న వేపుట్లో ఉప్పు వల్ల వచ్చే లాభం కంటే ఊట వల్ల వచ్చే నష్టం పెద్దది.

కాబట్టి ఉప్పు వేసే అదను మూడో దశ చివర. తీగలు పూర్తిగా పోయి ఉండాలి. మూకుడు కదిపితే ముక్కలు విడివిడిగా దొర్లాలి. అంచులు ఎర్రబడి, అడుగున నూనె విడిగా కనిపించాలి. ఈ గుర్తులు కనిపించాక ఉప్పు వేసి, రెండు నిమిషాలు కలిపి దించేయాలి. అప్పటికి ముక్క ఉపరితలం మీద ఉప్పును కరిగించేంత తడి ఉండదు. ఉప్పు నూనెలో కరగదు కాబట్టి పలుకులుగానే ఉండి నూనె పూతకు అంటుకుంటుంది. అందుకే మెత్తటి పొడి ఉప్పే వాడాలి. రాళ్ళ ఉప్పు ముక్కలకు పట్టక మూకుడు అడుగుకు జారిపోతుంది. రాళ్ళ ఉప్పే వాడే ఇళ్ళలో దాన్ని ముందుగా దంచుకోవాలి.

చివర వేస్తే ఉప్పు లోపలికి పట్టదనే అభ్యంతరం ఉంది. పట్టని మాట నిజమే. అయితే నాలుకకు తగిలేది ముక్క పైభాగమే. ఉప్పు అక్కడే ఉంటే తక్కువ ఉప్పుతోనే రుచి తెలుస్తుంది. ఇంకొక మేలు కూడా ఉంది. మొదట్లో మూకుడు నిండా ఉన్న 450 గ్రాముల కుప్పను చూసి అందాజుగా చెంచాడు ఉప్పు వేస్తే, కుప్ప 150 గ్రాములకు దిగాక అది ఉప్పుకషాయమవుతుంది. చివర్లో ఆ 150 గ్రాములను కళ్ళారా చూసి వేస్తే అర చెంచా చాలు. కారప్పొడి, వెల్లుల్లి కారం, ఎండు కొబ్బరి పొడి లాంటివి ఉప్పు తర్వాతే. పచ్చి కొబ్బరి తురుములోనూ ఉల్లిపాయల్లోనూ నీరు చాలా ఉంటుంది. అవి కావాలనుకుంటే వేరే వేయించి చివర కలపడం మంచిది.

నా మాట మీద నమ్మకం ఉంచనక్కరలేదు. వంటింటి తూకం ఉంటే ఒకే కాయల్లోంచి 200 గ్రాముల చొప్పున రెండు వంతులు తీయండి. అదే మూకుడు, అదే మంట, అదే నూనె. ఒకదానికి మొదట్లో, ఇంకోదానికి చివర, చెరో పావు చెంచా ఉప్పు. పది నిమిషాలకు దించి రెండింటినీ తూచండి, పోగులు సాగుతున్నాయేమో చూడండి. ముందుగా ఉప్పు వేసిన వంతులో ముక్కలు నలిగి, గింజలు విడి, మూకుడుకు పూత అంటుకుని ఉండటం కంటికే కనిపిస్తుంది.

కాగిన నూనెలో

పెళ్ళి భోజనాల్లో జీడిపప్పు, వేరుశనగపప్పు, కరివేపాకుతో కలిపి వడ్డించే వేపుడుకు ముక్కలను 175 నుంచి 180 డిగ్రీల నూనెలో విడతలు విడతలుగా వేయిస్తారు. ఇక్కడ బుడగలే గడియారం. ముక్కల్లోంచి ఆవిరి పోతున్నంతసేపూ నూనె నురగలు కక్కుతుంది. బుడగలు సన్నగిల్లి దాదాపు ఆగిపోతే నీరు అయిపోయినట్టు. ఒకేసారి చాటెడు ముక్కలు గుమ్మరిస్తే నూనె వేడి పడిపోయి, కొద్ది నూనెలో వచ్చిన చిక్కులన్నీ ఇక్కడా వస్తాయి. తీసిన వెంటనే చిల్లుల గరిటె నుంచి బాగా వడకట్టడం ముఖ్యం. ముక్క నూనె పీల్చుకునేది ఎక్కువగా వేగేటప్పుడు కాదు, చల్లారేటప్పుడు. లోపలి ఆవిరి చల్లబడి కుంచించుకుపోతే ఆ ఖాళీలోకి పైనున్న నూనె లాక్కోబడుతుంది. ఉప్పు ఆ తర్వాత, ముక్క ఇంకా వేడిగా ఉండగానే.

అమెరికా, బ్రిటన్‌లలో ఉండే తెలుగువాళ్ళు చాలామంది గడ్డకట్టించిన బెండకాయ ముక్కల ప్యాకెట్లు వాడుతుంటారు. వాటితో వేపుడు కుదరడం కష్టం. గడ్డకట్టేటప్పుడు లోపలి మంచు పలుకులు కణాల గోడలను చీల్చేస్తాయి. కరగగానే నీరూ జిగురూ కలిసి బయటికి వచ్చేస్తాయి. వాటిని కరగనివ్వకుండా, ప్యాకెట్‌లోంచి తీసిన వెంటనే పళ్ళెంలో పలుచగా పరిచి, నూనె చిలకరించి, ముందే 220 డిగ్రీలకు కాగిన ఓవెన్‌లో పెట్టడం ఉన్నంతలో మంచి దారి. ఓవెన్‌లో వేడి గాలి నాలుగు వైపుల నుంచీ తగిలి ఆవిరిని పక్కకు తోస్తుంది. అక్కడ కూడా ఉప్పు దించాకే.

వేపుడు నిలవ

వేగిన ముక్కలను వేడిగా ఉండగానే స్టీలు డబ్బాలో పోసి మూత పెట్టకండి. లోపల మిగిలిన ఆవిరి మూతకు చెమర్చి ముక్కల మీద పడుతుంది. పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తాలి. మెత్తబడిన వేపుడును మైక్రోవేవ్‌లో పెడితే ఇంకా మెత్తబడుతుంది. వెడల్పు పెనం మీద, మూత లేకుండా, సన్నని మంట మీద ఐదు నిమిషాలు ఉంచితే పైపొర తేమ పోయి కొంత కరకర తిరిగి వస్తుంది.

గాలిలోని తేమ సంగతి కూడా చూసుకోవాలి. శుద్ధమైన ఉప్పు, గాలి తేమ నూటికి 75 పాళ్ళు దాటితే ఆ తేమను పీల్చుకుని తనంతట తానే చెమర్చడం మొదలుపెడుతుంది. మెగ్నీషియం లవణాలు కలిసిన మామూలు ఉప్పుకు అంత తేమ కూడా అక్కరలేదు. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో గాలి ఆ హద్దు దాటి ఉండటం మామూలే. అక్కడ ఉప్పు కలిపిన వేపుడు మధ్యాహ్నానికి పెళుసుగా ఉన్నా రాత్రికి నీరసించిపోతుంది. రాత్రికి దాచుకోవలసిన వంతును ఉప్పు కలపకుండానే గట్టి మూత డబ్బాలో ఉంచి, వడ్డించేటప్పుడే ఉప్పూ కారమూ కలపండి.